ముందు బరువైనవి, తర్వాత జంటలు

తమ్ముడూ, జిమ్‌లో గంటన్నర గడిచినా సగం వ్యాయామాలు మిగిలిపోతున్నాయనీ, శిక్షకుణ్ణి పెట్టుకోవాలా అనీ అడిగావు. పెట్టుకోకు. గంటకు 60 డాలర్లు పోసి నేను నేర్చుకున్నది ఇక్కడే చెబుతాను.

2009లో డాలస్ వచ్చిన కొత్తలో నేను అద్దం ముందు డంబెల్స్‌తో మొదలుపెట్టేవాణ్ణి. బైసెప్స్, ట్రైసెప్స్ అయ్యాకే బెంచ్ ప్రెస్. ఒక సాయంత్రం బార్‌కు రెండు వైపులా 25 పౌండ్ల బిళ్లలు వేసి, మోసేది 50 పౌండ్లే అనుకున్నాను. ఉత్త బారే 45 పౌండ్లని తెలియదు. ఆరోసారి దించాక అది ఛాతీ మీదే ఉండిపోయింది. ఛాతీలో ఇంకా బలం ఉంది, కానీ అప్పటికే అలిసిన ట్రైసెప్స్ మోచేతులను చాచలేకపోయాయి. పక్కనున్న పెద్దాయన వచ్చి ఎత్తారు. పక్కటెముక నొప్పికి ఎక్స్‌రే, డాక్టరు ఫీజు కలిపి 740 డాలర్లు నా జేబులోంచే పోయాయి. అప్పుడు నా గది అద్దె 450. బీమా ఎంతవరకు ఇస్తుందో నీ పాలసీలో ముందే చూసుకో.

అందుకే ఎక్కువ కీళ్లు, ఎక్కువ కండరాలు కలిసి పనిచేసే స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్ లాంటివి ఒళ్లు తాజాగా ఉన్నప్పుడే చెయ్యాలి. చిన్న కండరం ముందే అలిసిపోతే పెద్ద కండరానికి సరిపడా బరువు ఎత్తలేవు.

ఇక సమయం సంగతి. రెండు వ్యాయామాలను జంటగా, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చెయ్యి. వాలుగా పెట్టిన ఒక్క బెంచీ, రెండు జతల డంబెల్స్ చాలు. వెల్లకిలా పడుకుని పైకి తోస్తే ఛాతీకి, అదే బెంచీ మీద బోర్లా వాలి నడుము వైపు లాగితే వీపుకి పని. తోసిన తర్వాత 75 సెకన్లు ఆగి లాగు, మళ్లీ 75 సెకన్లు ఆగి తోయి. వీపు పనిచేసే 40 సెకన్లూ ఛాతీకి విశ్రాంతే కనుక, దానికి మూడు నిమిషాలకు పైగా దొరుకుతుంది. విడివిడిగా మూడేసి సెట్లు, ప్రతిసారీ మూడు నిమిషాల విరామంతో చేస్తే 22 నిమిషాలు పడుతుంది. జంటగా అయితే 12లో అయిపోతుంది. మూడో సెట్‌లో ఎనిమిది సార్లు కాస్తా ఐదుకు పడిపోతే విరామం చాలలేదన్నమాట, అరనిమిషం పెంచు.

స్క్వాట్‌ను మాత్రం దేనితోనూ జత చెయ్యకు, ముఖ్యంగా డెడ్‌లిఫ్ట్‌తో. రెండూ నడుము మీదే భారం వేస్తాయి. స్క్వాట్ ముందు ఒంటరిగా, పూర్తి విరామాలతో 11 నిమిషాలు. తర్వాత ఛాతీ, వీపు జంట. చివర బైసెప్స్, ట్రైసెప్స్ జంట, 45 సెకన్ల విరామంతో 8 నిమిషాలు. ఒళ్లు వేడెక్కించుకోవడంతో కలిపి 40 నిమిషాల్లో బయటపడతావు. నేను వెళ్లే చోట మొదటి గంట పార్కింగ్ ఉచితం, రెండో గంటకు 4 డాలర్లు. వారానికి మూడు రోజులు వెళితే 12 డాలర్లు మిగులుతాయి.