కర్టెన్ బట్ట కొనే ముందు రాడ్‌ను కొలువు, కిటికీని కాదు

చిన్నీ,

కొత్త ఫ్లాట్ హాలుకి కర్టెన్లు కుట్టించుకోవాలని, ఈ ఆదివారం చిక్‌పేటకి వెళ్తున్నానని రాశావు. కిటికీ 64 అంగుళాల వెడల్పు, కాబట్టి మీటరున్నర, మీటరున్నర చొప్పున రెండు తెరలు చాలనుకుంటున్నావు. ఆగు తల్లీ. బెంగళూరులో ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే కర్టెన్లు కుట్టిస్తున్నాను, ఈ లెక్కతో వచ్చి మళ్లీ బట్ట కోసం పరుగెత్తినవాళ్లని చాలామందిని చూశాను.

ముందు రాడ్ బిగించు. అది కిటికీకి రెండు వైపులా ఎనిమిదేసి అంగుళాలు బయటికి ఉండాలి, అప్పుడే పక్కల నుంచి ఎండ పడదు, తెర తీస్తే కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. అంటే నీ రాడ్ 80 అంగుళాలు. కుచ్చు నిండుగా రావాలంటే కుట్టిన తెరల వెడల్పు మొత్తం రాడ్‌కి రెండింతలకి దగ్గరగా ఉండాలి. ఒకటిన్నర రెట్లకి దిగితే తెర వేసినప్పుడు దుప్పటి ఆరేసినట్టు చదునుగా కనిపిస్తుంది.

ఇప్పుడు పొడవు. రాడ్ నుంచి నేలకి అర అంగుళం పైదాకా టేప్ పట్టుకుని కొలువు. నీకు 84 అంగుళాలు వచ్చిందనుకుందాం. రింగులు దిగే పై మడతకి, గట్టిగా నిలవడానికి లోపల పెట్టే బక్రంతో కలిపి 5 అంగుళాలు. కింద మూడేసి అంగుళాలు రెండుసార్లు మడిస్తే 6. ఈ కింది మడతలో పిసినారితనం వద్దు, ఆ బరువుతోనే తెర నిటారుగా వేలాడుతుంది. వంకర సరిచేసి కత్తిరించడానికి ఇంకో అంగుళం. మొత్తం ఒక ముక్కకి 96 అంగుళాలు.

ఎన్ని ముక్కలన్నది బట్ట పన్నా, అంటే బట్ట అడ్డం వెడల్పు మీద ఉంటుంది. అందరూ మీటరు ధర అడుగుతారు గానీ పన్నా అడగరు, నష్టపోయేది అక్కడే. 54 అంగుళాల పన్నా అయితే మూడు ముక్కలు చాలు. ఒక్కో తెరకి ఒకటిన్నర ముక్క కలిపి కుట్టి, అతుకులు, అంచు మడతలు పోగా రెండు తెరలూ కలిపి 154 అంగుళాలు వస్తాయి. రెండింతలకి ఇంచుమించు సరిపోయినట్టే. అతుకు గోడ వైపుకి పెట్టమని టైలర్‌కి చెప్పు. అదే 48 పన్నా మూడు ముక్కలైతే 136 మాత్రమే వస్తుంది, కుచ్చు పలచబడుతుంది. నాలుగో ముక్క తీసుకోక తప్పదు.

ఇప్పుడు ధర చూడు. 48 పన్నా బట్ట మీటరు 320 రూపాయలు, 54 పన్నా 400 చెప్పారనుకో. మొదటిదే చవక అనిపిస్తుంది. కానీ నాలుగు ముక్కలకి 9.75 మీటర్ల పైన పడుతుంది, 10 మీటర్లు తీసుకుంటే 3200. రెండోది మూడు ముక్కలకి 7.3 మీటర్లు, 7.5 కొంటే సరిగ్గా 3000. పైగా ముక్క లెక్కన కుట్టుకూలి తీసుకునే టైలర్ దగ్గర ఒక ముక్క కూలి కూడా మిగులుతుంది.

ఇది ప్లెయిన్ బట్టకే సుమా. పెద్ద పువ్వుల డిజైన్ తీసుకుంటే లెక్క మారుతుంది. పక్కపక్క ముక్కల్లో పువ్వు ఒకే ఎత్తులో రావాలంటే ప్రతి ముక్కా డిజైన్ మొదలైన చోటునుంచే కొయ్యాలి. మా పెద్దమ్మాయి గృహప్రవేశానికి ఇదే కొలతకి, 25 అంగుళాలకోసారి తిరిగి వచ్చే పువ్వులున్న బట్ట 7.5 మీటర్లు తెచ్చాను. 96 చాలదు, నాలుగు డిజైన్లకి 100 అంగుళాలు కొయ్యాలి. మూడు ముక్కలకి 300, అంటే 7.62 మీటర్లు. మూడో ముక్క 100కి దాదాపు ఐదంగుళాలు తగ్గి 95 చిల్లరే వచ్చింది, 96 కూడా లేదు. తిరిగి వెళ్తే అదే డిజైన్ ఉంది గానీ వేరే లాట్, పచ్చ రంగు ఒక పిసరు ముదురు. చివరికి ఆ మూడో ముక్క రెండు సగాలకీ కింద మడత తగ్గించి కుట్టించాను. గాలి వీస్తే ఆ అంచులు ఇప్పటికీ మిగతావాటికంటే తేలికగా ఎగురుతాయి, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అందుకే షాపులో బట్ట తాను విప్పించి, ఒక పువ్వు మధ్య నుంచి మళ్లీ అదే పువ్వు మధ్యకి నువ్వే టేప్ పెట్టి కొలువు. ముక్క పొడవు ఆ సంఖ్యకి గుణిజంగా పైకి సర్దుకుని, ఆ తర్వాతే మీటర్లు చెప్పు. ఒకే తాను నుంచి కోయించుకో. కాటన్ అయితే వందకి ఐదు వంతులు కుదించుకుపోవచ్చు, మరో అర మీటరు ఎక్కువ తీసుకుని, కత్తిరించక ముందే తడిపి ఆరబెట్టించు.

రింగుల సంఖ్య ఒక్కో తెరకి సరిసంఖ్య ఉండాలి, అప్పుడే రెండు అంచులూ గోడ వైపుకి తిరుగుతాయి. రాడ్ బిగించాక శనివారం సాయంత్రం కొలతలు చెప్పు, నీతో కలిసి నేనూ చిక్‌పేటకి వస్తాను.

నీ పెద్దమ్మ