టెక్ సందేహాలు: ఫోన్ నోట్స్ చదివేస్తోంది, నాకు మాత్రం ఎక్కట్లేదు

*సర్, రోజూ కాలేజీకి వెళ్లి రావడానికే గంటన్నర పోతోంది. ఫిజిక్స్ నోట్స్ మొత్తం ఒక రీడింగ్ యాప్‌లో పేస్ట్ చేసి ఇయర్‌ఫోన్స్‌లో వింటున్నా, దిగేసరికి ఒక్క ముక్క గుర్తుండట్లేదు. ఇంకా మంచి వాయిస్ ఉన్న యాప్ ఏదైనా చెప్పండి.*

వాయిస్ మార్చినా ఇదే జరుగుద్ది. ఈ నెలలో ఇదే ప్రశ్న ఇంకా చాలామంది అడిగారు, అందరూ యాప్ పేరే అడిగారు గానీ అందులో ఏం పేస్ట్ చేశామో ఒక్కరూ చెప్పలేదు.

మీ నోట్స్‌లో `v = u + at` అని ఉంటుంది కదా, దాన్ని చాలా యాప్‌లు "వి ఈక్వల్స్ యు ప్లస్ యాట్" అని చదివేస్తాయి. చివర ఉన్నవి ఎ, టి అని రెండు వేరే అక్షరాలని దానికేం తెలుసు, ఇంగ్లీషు పదం అనుకుంటుంది. కళ్లతో చూస్తే మనకే తెలిసిపోతుంది కాబట్టి నోట్స్ రాసేటప్పుడు ఈ గొడవ లేదు, చెవికి మాత్రం "పై పటంలో చూపినట్టు", బ్రాకెట్లు, బాణం గుర్తులు అన్నీ చెత్తే.

అందుకని ఫార్ములాని వినిపించకండి, దాన్ని ఎప్పుడు వాడాలో వినిపించండి. ఫార్ములా ఎలాగూ చేత్తో రాస్తేనే వస్తుంది. ఈ చాప్టర్‌కి నేనైతే స్క్రిప్ట్ ఇలా రాస్తా:

"త్వరణం మారకుండా కదిలే వస్తువుకి మూడు సమీకరణాలు. మొదటిదాంట్లో దూరం ఉండదు. రెండోదాంట్లో చివరి వేగం ఉండదు. మూడోదాంట్లో కాలం ఉండదు. లెక్కలో ఇవ్వనిది, అడగనిది ఏదో చూడు, అది లేని సమీకరణం పట్టుకో. ఇప్పుడు చెప్పు. బండి వేగం రెట్టింపైంది, బ్రేక్ బలం అంతే ఉంది, ఆగడానికి పట్టే దూరం ఎన్ని రెట్లవుతుంది?"

ఇక్కడ ఐదు సెకన్లు ఖాళీ వదలాలి. అసలు పని జరిగేది ఆ ఖాళీలోనే, మీరు మనసులో సమాధానం వెతుక్కుంటారు.

"నాలుగు రెట్లు. కాలం గురించి మాటే లేదు కాబట్టి మూడో సమీకరణం. అందులో వేగం వర్గంలో ఉంది, రెండు రెండ్ల నాలుగు."

చూశారా, వాక్యానికి ఒక్క విషయమే, "అది", "దీని" లాంటివి తక్కువ, ఎన్ని పాయింట్లో ముందే చెప్పేశాం కాబట్టి వింటూ లెక్కపెట్టుకోవచ్చు. ఒక ఫైల్ ఐదారు నిమిషాలు దాటనివ్వకండి, ఒక టాపిక్‌కి నాలుగైదు ప్రశ్నలు చాలు. మధ్యలో ఎవరో పలకరించి ధ్యాస పోయినా మళ్లీ మొదటి నుంచి వినడానికి బద్ధకం ఉండదు.

ఖాళీ ఎలా పెట్టాలి అంటారేమో. కొందరు ఎక్కడో చూసి ఇది పేస్ట్ చేస్తారు:

```
<break time="5s"/>
```

ఇది ఎస్ఎస్ఎంఎల్, అంటే ఎక్కడ ఆగాలో ఎలా చదవాలో వాయిస్‌కి చెప్పే గుర్తుల భాష, అది అర్థమయ్యే చోటే పనిచేస్తుంది, మామూలు రీడింగ్ యాప్‌లో పెడితే "బ్రేక్ టైమ్ ఈక్వల్స్" అని అదీ చదివి వినిపించొచ్చు. చుక్కలు ఎన్ని పెట్టినా ఐదు సెకన్లు రాదు. నా మాట వినండి, ఫోన్‌లో ఉన్న రికార్డర్ తెరిచి మీ గొంతుతోనే చదవండి, ఖాళీ దగ్గర మనసులో ఐదు లెక్కపెట్టండి. తడబడితే తడబడండి, ఎవరూ వినరు. పైగా చదవలేక ఎక్కడ ఆగిపోతారో ఆ వాక్యం బాగా రాయలేదని అర్థం, అక్కడే విరగ్గొట్టి రెండు చెయ్యండి.

ఇంకో లాభం, అది మామూలు ఆడియో ఫైల్, స్క్రీన్ ఆపినా ఆడుతుంది. రీడింగ్ యాప్‌లు కొన్ని స్క్రీన్ ఆపగానే నోరు మూసుకుంటాయి, జేబులో పెట్టుకుని వినడానికే కదా పెట్టుకున్నది! ఆ యాప్‌లు చేసినవాళ్లు ఒక్కరోజైనా నిలబడి ప్రయాణం చేశారా అని నా అనుమానం.

నన్ను భయపెట్టేది మాత్రం వేరే ఉంది. "అన్‌లిమిటెడ్ వాయిస్‌లు ఫ్రీ" అని ఫ్రెండ్ పంపిన ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేశాక అది యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతుంది. పేస్ట్ చేసిన నోట్స్ చదవడానికి ఆ పర్మిషన్ అస్సలు అక్కర్లేదు. అది ఇస్తే స్క్రీన్ మీద కనిపించే మెసేజ్‌లూ, ఓటీపీలూ చదవగలదు, మీ బదులు బటన్లు కూడా నొక్కగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచి బయట తెచ్చిన యాప్‌లకి ఫోనే దీన్ని అడ్డుకుంటుంది, అప్పుడు ఆ యాప్ "సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అలౌ చెయ్యండి" అని బొమ్మలేసి మరీ నేర్పిస్తే అక్కడికక్కడే తీసెయ్యండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి ముందు దాన్ని ఆఫ్ చేసి, తర్వాత యాప్ తీసి, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి.