బ్యాలెన్స్ షీట్ ఫొటో నుంచి రేషియోలు: ఫార్ములా వచ్చినా జవాబు ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. క్రెడిట్ అనలిస్ట్ ట్రైనీ ఉద్యోగ పరీక్షలో ఒక కంపెనీ బ్యాలెన్స్ షీట్ ఫొటో ఇచ్చి కరెంట్ రేషియో, డెట్ టు ఈక్విటీ కట్టమన్నారు. ఫార్ములాలు నాకు బాగానే వచ్చు, అయినా రెండూ తప్పయ్యాయి. ఎలా ప్రాక్టీస్ చేయాలి సార్?

జవాబు: ఈ పరీక్షలో మార్కులు ఎక్కువగా పోయేది రెండు చోట్ల. ఫొటోలోంచి అంకె ఎత్తి రాసేటప్పుడు ఒకటి, ఏది అప్పు కింద లెక్కేయాలో తేల్చుకునేటప్పుడు రెండోది. క్రెడిట్ టీముల్లో ఈ పనిని స్ప్రెడింగ్ అంటారు. ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. ఇవి నేను వేసిన ఊహా అంకెలే, 31 మార్చి 2024 నాటివి అనుకోండి, అన్నీ లక్షల్లో.

షేర్ క్యాపిటల్ 500.00, రిజర్వ్స్ అండ్ సర్‌ప్లస్ 1,340.00.
లాంగ్ టర్మ్ బారోయింగ్స్ 920.00, డెఫర్డ్ ట్యాక్స్ 60.00, లాంగ్ టర్మ్ ప్రొవిజన్స్ 40.00.
షార్ట్ టర్మ్ బారోయింగ్స్ 640.00, ట్రేడ్ పేయబుల్స్ 750.00, ఇతర కరెంట్ లయబిలిటీస్ 150.00, షార్ట్ టర్మ్ ప్రొవిజన్స్ 60.00.
స్థిరాస్తులు 2,180.00, లాంగ్ టర్మ్ లోన్స్ అండ్ అడ్వాన్సెస్ 120.00.
ఇన్వెంటరీస్ 940.00, ట్రేడ్ రిసీవబుల్స్ 860.00, క్యాష్ 210.00, షార్ట్ టర్మ్ లోన్స్ అండ్ అడ్వాన్సెస్ 150.00.
రెండు వైపులా మొత్తం 4,460.00.

అంకెల జోలికి వెళ్లకముందు పేజీ పైభాగం చదవండి. అది స్టాండలోనా, కన్సాలిడేటెడా? అంకెలు లక్షల్లోనా, కోట్లలోనా? ఏ కాలమ్ ఏ సంవత్సరానిది? ఈ మూడోదే చాలామందిని దెబ్బతీస్తుంది. నిరుటి కాలమ్ పొరపాటున ఎత్తినా దాని మొత్తాలు దానికి చక్కగా సరిపోతాయి కాబట్టి, ఎన్నిసార్లు కూడి చూసినా తప్పు బయటపడదు. దాన్ని పట్టుకునే దారి కాలమ్ నెత్తిన ఉన్న తేదీ ఒక్కటే. ఐటెమ్ పేరుకీ అంకెకీ మధ్య నోట్ నంబర్ల కాలమ్ కూడా ఉంటుంది. ఫొటో వంకరగా ఉంటే 14వ నోట్, 860.00 కలిసిపోయి 14860.00గా వచ్చేస్తాయి. బ్రాకెట్లో ఉన్న అంకె మైనస్ అని, గీత ఉంటే సున్నా అని గుర్తుంచుకోండి. నష్టాలు పేరుకున్న కంపెనీల్లో రిజర్వ్స్ బ్రాకెట్లో ఉంటాయి. ఆ బ్రాకెట్ వదిలేస్తే ఈక్విటీ తలకిందులవుతుంది.

ఎత్తి రాశాక వెంటనే రేషియో కట్టకండి. ముందు ప్రతి హెడ్‌నీ మీరే కూడి, ఫొటోలో అచ్చయిన సబ్ టోటల్‌తో పోల్చండి. మన ఉదాహరణలో 860ని 360గా చదివారనుకోండి. కరెంట్ అసెట్స్ మీకు 1,660.00 వస్తుంది, అచ్చులో 2,160.00 ఉంటుంది. తేడా సరిగ్గా 500. అంటే వందల స్థానంలో ఒకే అంకె చెడింది. ఆ హెడ్‌లోని ఐటెమ్‌ల వందల అంకెలు చూస్తే చాలు, 8ని 3గా చదివిన చోటు దొరికిపోతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే మాత్రం తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. 940కి బదులు 490 రాస్తే తేడా 450, అంటే 9 యాభైలు.

ఫొటోను ఎక్సెల్‌లోకి Data > From Picture ద్వారా తెచ్చేవాళ్లకు ఇంకో చిక్కుంది. సున్నా బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం పడి `86O.00` అని వస్తే ఎక్సెల్ దాన్ని అంకెగా కాక టెక్స్ట్‌గా తీసుకుంటుంది. `SUM` ఎర్రర్ ఏమీ చూపించకుండా దాన్ని వదిలేసి మిగతావి కూడుతుంది. అప్పుడు కరెంట్ అసెట్స్ 1,300 అయి, రేషియో 0.81కి పడిపోతుంది. సెల్‌లో కుడివైపు కాకుండా ఎడమవైపు అతుక్కున్న అంకె కనిపిస్తే అనుమానించండి. నాలుగు ఐటెమ్‌లు C20 నుంచి C23 వరకు ఉంటే ఇలా పరీక్షించవచ్చు, 4 రావాలి:

```
=COUNT(C20:C23)
```

ఇప్పుడు కరెంట్ రేషియో. కరెంట్ అసెట్స్ 2,160, కరెంట్ లయబిలిటీస్ 1,600. భాగిస్తే 1.35. ఇందులో వాదనకు తావు లేదు.

డెట్ టు ఈక్విటీ అలా కాదు. ఈక్విటీ 500, 1,340 కలిపి 1,840. మరి డెట్ ఎంత? పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా దీర్ఘకాలిక అప్పునే తీసుకుంటారు. అలాగైతే 920ని 1,840తో భాగించి 0.50. షెడ్యూల్ III మీద ఐసీఏఐ గైడెన్స్ నోట్ మొత్తం అప్పు తీసుకోమంటుంది, అంటే లాంగ్ టర్మ్, షార్ట్ టర్మ్ బారోయింగ్స్ రెండూ. 1,560ని 1,840తో భాగిస్తే 0.85. బ్యాంకు క్రెడిట్ విభాగంలో బయటి బాధ్యతలన్నీ కలిపి చూసే లెక్క ఇంకొకటి ఉంది: 2,620ని 1,840తో భాగిస్తే 1.42. అక్కడ ఈక్విటీలోంచి గుడ్‌విల్ లాంటివి కూడా తీసేస్తారు, మన కంపెనీకి అవి లేవు. ఒకే ఫొటోకి మూడు జవాబులు వచ్చాయి, మూడూ వాటి వాటి నిర్వచనం ప్రకారం సరైనవే. పరీక్షలో మీరు పుస్తకం ప్రకారం దీర్ఘకాలిక అప్పునే తీసుకుని ఉంటే తప్పు పడింది బహుశా ఇక్కడే.

ప్రశ్నలో నిర్వచనం ఇస్తే అదే వాడండి. ఇవ్వకపోతే ఉద్యోగ పరీక్షలో మొత్తం అప్పు తీసుకోవడం మేలని నా అభిప్రాయం. క్యాష్ క్రెడిట్, ఓవర్‌డ్రాఫ్ట్ కూడా వడ్డీ కట్టే అప్పులే, అవి ఉండేది షార్ట్ టర్మ్ బారోయింగ్స్‌లో. ఏడాదిలోపు కట్టాల్సిన టర్మ్ లోన్ వాయిదాలు కూడా ఇప్పుడు అక్కడికే వస్తాయి. 2021లో షెడ్యూల్ III సవరించకముందు అవి ఇతర కరెంట్ లయబిలిటీస్‌లో ఉండేవి. కాబట్టి పాత బ్యాలెన్స్ షీట్ ఇస్తే ఆ నోట్ తెరిచి వాయిదాల మొత్తాన్ని విడిగా తీసి అప్పులో కలపాలి. సరుకు ఇచ్చినవాళ్లకు కట్టాల్సిన ట్రేడ్ పేయబుల్స్‌ని మాత్రం ఈ లెక్కలో కలపకండి. జవాబు పక్కన “డెట్ = లాంగ్ టర్మ్ + షార్ట్ టర్మ్ బారోయింగ్స్” అని ఒక్క లైన్ రాస్తే, దిద్దేవారు ఇంకో నిర్వచనం మనసులో పెట్టుకున్నా మీ లెక్క ఎలా వచ్చిందో వారికి తెలుస్తుంది.

ప్రాక్టీస్‌కి ఆన్సర్ కీ ఉచితంగానే దొరుకుతుంది. అదే 2021 సవరణ నుంచి కంపెనీలు తమ రేషియోలను నోట్స్‌లో ఇవ్వాలి. కరెంట్ రేషియో, డెట్ ఈక్విటీ రేషియో అందులో ఉంటాయి, లవంలో హారంలో ఏమేం కలిపారో కూడా రాస్తారు. బీఎస్ఈ లేదా ఎన్ఎస్ఈ సైట్ నుంచి ఏదైనా తయారీ కంపెనీ వార్షిక నివేదిక దించుకుని, స్టాండలోన్ బ్యాలెన్స్ షీట్ పేజీని స్క్రీన్‌షాట్ తీయండి. ఆ ఇమేజ్ చూసే లెక్క కట్టి, తర్వాత రేషియోల నోట్‌తో సరిచూసుకోండి. లిస్టెడ్ కంపెనీల్లో అసెట్స్ పైన, లయబిలిటీస్ కింద ఉంటాయి. చిన్న ప్రైవేట్ కంపెనీల్లో సాధారణంగా దీనికి తిరగేసి ఉంటుంది. రెండు రకాలూ చేయండి. డెట్ ఈక్విటీ కొద్దిగా తేడా వస్తే, కంపెనీ లీజ్ లయబిలిటీస్‌ని అప్పులో కలిపిందేమో ముందు చూడండి. బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలతో మాత్రం మొదలుపెట్టకండి. వాటి బ్యాలెన్స్ షీట్‌లో సాధారణంగా కరెంట్, నాన్ కరెంట్ అన్న విభజనే ఉండదు కాబట్టి, ఆ పేజీ చూసి కరెంట్ రేషియో కట్టడం కుదరదు. పరీక్షలో అలాంటి ఫొటో వస్తే ఆ మాటే రాయండి.