నాయన అప్పు, నీ సంతకం

చిత్తూరు

అమ్మడూ,

రాత్రి ఫోన్‌లో నువ్వు ఒకే మాట మూడుసార్లు అడిగావు: "మామా, ఇదంతా ఇప్పుడు నేనే కట్టాలా?" నువ్వు ఏడుస్తుంటే నాకు సరిగ్గా మాట పెగల్లేదు. అందుకే రాస్తున్నాను. ఏళ్ల తరబడి వకీలు గుమాస్తాగా ప్రోనోటు దావాల కట్టలు మోసినవాణ్ణి, ఈ ఒక్క విషయం నాకు బాగా తెలుసు.

చట్టప్రకారం నువ్వు పైసా కట్టాల్సిన పని లేదు. బావ బతికే ఉన్నాడు, అప్పు ఆయనది. నువ్వు సాయం చెయ్యాలనుకుంటే చెయ్యి, నేను వద్దనను, ఆ అప్పు సగం మా చెల్లెలి ఆస్పత్రికే పోయిందని నాకూ తెలుసు. కానీ డబ్బు ఇవ్వడం వేరు, సంతకం పెట్టడం వేరు. ఎంత డబ్బిచ్చినా నువ్వు అప్పుదారువి కావు. ఒక్క సంతకం పెడితే అవుతావు.

నువ్వు చెప్పిన లెక్క మళ్లీ చూస్తాను. ప్రోనోటు మీద రెండు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు నాలుగు వేలు. నోటు రాసి 34 నెలలు. మొత్తం వడ్డీ 1,36,000. మీ నాయన చిన్న నోట్‌బుక్‌లో పద్నాలుగు చోట్ల "4000 ఇచ్చినాను" అని రాసుకున్నాడన్నావు, అది 56,000. ఇంకా 80,000 వడ్డీ నిలిచింది. అసలుతో కలిపి 2,80,000.

ఇప్పుడు ఆ వడ్డీ పెద్దమనిషి ఆదివారం ఇంటికొచ్చి, కాఫీ తాగి, "పాపకు మంచి ఉద్యోగం కదా, నోటు ఆమె పేరుతో తిరగరాసేద్దాం, మీకూ టెన్షన్ ఉండదు" అన్నాడు కదా. ఆ మాట మర్యాద కోసం అన్నది కాదు. ప్రోనోటు మీద దావా వెయ్యడానికి గడువు మూడేళ్లు. ఆయనకు ఇంక రెండు నెలలే మిగిలాయి. తిరగరాస్తే మూడేళ్లు కొత్తగా మొదలవుతాయి, నిలిచిన వడ్డీ 80,000 అసలులో కలిసిపోతుంది, 2,80,000 మీద నెలకు 5,600 వడ్డీ నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అప్పుదారు డెబ్బై దాటిన రిటైర్డ్ టీచరు కాకుండా బెంగళూరులో జీతం తీసుకునే నువ్వవుతావు.

నేను అదే చేశాను. మా నాన్న బాకీకి, ఇరవై ఆరేళ్ల వయసులో, పరువు అని నా పేరు మీద నోటు రాసిచ్చాను. అప్పటికే కోర్టులో పని చేస్తున్నాను చూడు, తెలివి ఎక్కడికి పోయిందో. అది తీరేసరికి మీ అత్త గాజులు, మా పెద్దాడి ఇంజనీరింగ్ సీటు రెండూ పోయాయి.

కాబట్టి కొత్త నోటు వద్దు. "జామీనుగా పెట్టమ్మా" అన్నా వద్దు. జామీను అంటే చట్టం దృష్టిలో అప్పు తీసుకున్నవాడితో సమానం. ముందు మీ నాయన్ని అడగాలి, తర్వాతే నిన్ను అనే వరస ఏమీ లేదు, నేరుగా నీ మీదికే రావచ్చు. నీ చెక్కు కూడా ఇవ్వకు, ఖాళీదైనా, తేదీ వేసిందైనా. నీ చెక్కు బౌన్స్ అయితే కేసు చెక్కు రాసిన నీ మీదే నడుస్తుంది, బాకీ ఎవరిదైనా సరే. సాక్షి సంతకం వల్ల బాకీ నీ మీద పడదు గానీ, దావా పడితే బెంగళూరు నుంచి వాయిదాలకు తిరగాలి. అదీ ఎందుకు?

ఇంకో చిన్న ఎత్తు ఉంది, దాన్ని కనిపెట్టడం కష్టం. "నోటు వద్దులే, ఒక వంద రూపాయలు చెల్లు రాయండి" అంటారు. నోటు వెనక ఫలానా తేదీన వంద ముట్టిందని రాసి సంతకం పెట్టించుకుంటారు. గడువు లోపల అలా చెల్లు పడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. నా దగ్గరికి ప్రోనోటు వస్తే ముందు వెనక్కి తిప్పి చూసేవాణ్ణి, అసలు కథ అక్కడే ఉంటుంది. మోసం కాదది, చట్టం ఇచ్చిన దారే. కానీ సంతకం మీ నాయనదే ఉండాలి, నీది కాదు, రాసే చేతివ్రాత కూడా నీది కాకూడదు. గడువు దాటిపోయిన నోటుకు "ఇస్తాను" అని రాసిచ్చినా అది మళ్లీ ప్రాణం పోసుకుంటుంది, ఇది బావకు కూడా చెప్పు.

రెండు నెలలు ఊరికే కూర్చుంటే గడువు పోతుంది కదా అని నువ్వు అడగొచ్చు. ఆయన కూర్చోడు, దావా వేస్తాడు, ఖర్చులు పైన పడతాయి. పైగా బావ ఆ డబ్బు వాడుకున్న మాట నిజం. తీర్చడమే నయం, కానీ ఇలా తీర్చు.

ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఒకరిని పెట్టుకుని బేరం ఆడండి. నోట్‌బుక్ తీసి చూపించండి. పద్నాలుగు నెలల వడ్డీకి చెల్లు రాయించుకోకపోవడం మీ నాయన తప్పు, కోర్టులో ఆ నోట్‌బుక్ అంతగా నిలవదు, కానీ మనిషి ముందు పెడితే మొహమాటం పనిచేస్తుంది. ఒక్కసారే ఇస్తామంటే వడ్డీలో కొంత తగ్గించనివాళ్లను నేను తక్కువగా చూశాను. రెండున్నర లక్షలకు ఒప్పుకుంటే మంచి బేరమే.

డబ్బు నువ్వు మీ నాయన ఖాతాలో వెయ్యి, అక్కణ్ణుంచి మీ నాయన పేరుతో బ్యాంకు ద్వారా అప్పిచ్చినాయనకు పోవాలి. చేతికి నోట్ల కట్ట ఇవ్వొద్దు. ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్త. పింఛను పడిన రోజే తీసి వడ్డీకి ఇచ్చేస్తున్నందువల్ల బ్యాంకు లోను ఈఎంఐ రెండు నెలలుగా పోలేదన్నావు. నువ్వు ఆ పింఛను ఖాతాలో రెండున్నర లక్షలు వేస్తే, బ్యాంకు నిలిచిన వాయిదాలు, చార్జీలు ముందు కోసేసుకుంటుంది, ఇక్కడ డబ్బు తక్కువ పడి బేరం చెడుతుంది. అందుకే ముందు ఆ రెండు వాయిదాలకు సరిపడా వేసి, అవి కోతకు పోయాక, తర్వాత ఇది వెయ్యి. లేదా వేరే బ్యాంకులో ఆయన ఖాతా ఉంటే అందులో వెయ్యి.

ఆ బ్యాంకులో మేనేజరు "వాయిదా తగ్గిస్తాం, కూతుర్ని కో-అప్లికెంట్‌గా చేర్చండి" అంటే ఒప్పుకోకు. లోను ఆయన పేరు మీదే ఉంచి కాలం పెంచగలరా అని అడుగు, కుదరకపోతే ఉన్న వాయిదానే నువ్వు నెల నెలా ఆయన ఖాతాలో వేస్తూ పో. నీకు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి అరుస్తున్నాడన్నావే, ఆ రికవరీ వాడు, మీ నాయన ఫారంలో రెఫరెన్సుగా నీ నంబరు రాసి ఉంటాడు. రెఫరెన్సు అంటే బాకీదారు కాదు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. తేదీ, టైము రాసి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు.

ఇంకేమైనా అప్పులు ఉన్నాయా అని బావను అడిగితే లేవంటాడు, సిగ్గు. ఆయన ఫోన్ పక్కన పెట్టుకుని, ఆయన పాన్ నంబరుతో, ఆయనకొచ్చే ఓటీపీతో సిబిల్ రిపోర్టు తీయండి, ఏడాదికి ఒకటి ఉచితం. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు అందులో తేలతాయి. ఇంటి మీద ఏమైనా ఉందో ఈసీలో చూడండి. చేబదుళ్లు, ప్రోనోట్లు ఎందులోనూ రావు, అవి ఆయన నోరు విప్పాలి. నువ్వు అడిగేటప్పుడు "ఎందుకు చేశావు" అని మొదలుపెట్టకు, "ఎవరికి ఎంత" అని మాత్రమే అడుగు.

మీ తమ్ముడితో ఆ వడ్డీ పెద్దమనిషి "తండ్రి బాకీ కొడుకు తీర్చడం ధర్మం, చట్టం కూడా అంతే" అన్నాడట. పూర్తిగా అబద్ధం కాదు, పాత నిజం. హిందూ చట్టంలో ఆ బాధ్యత ఒకప్పుడు ఉండేది. 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పులకు అది పోయింది. తండ్రి పోయాక కూడా బాకీ ఆయన వదిలిన ఆస్తి మేరకే, పిల్లల సొంత జీతం మీదికి రాదు. కోర్టు సమన్లు వస్తే మాత్రం "మనది కాదులే" అని పక్కన పడేయకూడదు, వెళ్లి ఆ మాట జవాబులో రాసుకోవాలి.

పక్కింటాయన సలహా, ఇల్లు వెంటనే నీ పేరున సెటిల్‌మెంట్ రాయించుకోమని, అది అస్సలు వద్దు. బాకీలు మెడ మీద ఉండగా ఆస్తి పిల్లల పేర రాస్తే, ఎగ్గొట్టడానికే రాశారని ఆ దస్తావేజును కోర్టులో కొట్టించవచ్చు. ఇప్పుడు అప్పుతో సంబంధం లేని నువ్వు అప్పుడు ప్రతివాదివవుతావు. అలాంటి దావాలు పదేళ్లు నడవడం నేను చూశాను. ఇల్లు బావ పేరునే ఉండనీ. ఆయన పింఛను కూడా భయపడాల్సింది కాదు, డిక్రీ వచ్చినా పింఛనును జప్తు చెయ్యలేరు.

డబ్బు ఇచ్చే రోజు నన్ను పిలువు, చిత్తూరు నుంచి ఉదయం బస్సెక్కి వచ్చేస్తాను. డబ్బు వాళ్ల ఖాతాలో పడినట్లు మెసేజ్ వచ్చాక, నోటు వెనక "అసలు, వడ్డీ పూర్తిగా ముట్టినవి, ఇక బాకీ లేదు" అని ఆయన చేత తేదీ వేయించి సంతకం పెట్టించాలి. మీ నాయన నోటుతో పాటు ఇచ్చిన రెండు ఖాళీ చెక్కులు కూడా ఆ రోజే తీసుకోవాలి, నంబర్లు చెక్‌బుక్ కౌంటర్‌ఫాయిల్‌లో చూసి సరిపోల్చాలి. "అవి ఎక్కడో పెట్టినాను, రేపిస్తా" అంటే, ఆ నంబర్లు రాసి అవి చెల్లవని రాయించుకునే దాకా డబ్బు పంపొద్దు. ఆఖరున ఆయన పెద్ద మనసుతో నోటు రెండు ముక్కలు చెయ్యబోతాడు, అందరూ అదే చేస్తారు. చెయ్యి పట్టుకుని ఆపు. చించిన ముక్కలు దేనికీ సాక్ష్యం కావు. నోటు చినగకుండా తీసుకుని బీరువాలో ఎల్ఐసీ బాండ్ల పక్కన పెట్టు. బావ కళ్లజోడు మర్చిపోకుండా తెమ్మను, ఆ రాసింది ఆయనే చదవాలి.

మీ మామ