పంక్చర్ డబ్బా: పనిముట్లు, చోటు, రోజు లెక్క

“ఉప్పల్ వైపు బైకుల పంక్చర్ డబ్బా పెట్టాలనుకుంటున్నాను. ఏం కొనాలి, ఎక్కడ పెట్టాలి, రోజుకు ఎంత మిగులుతుంది?”

ముందు చోటు చూడండి. గాలి పోయిన బండిని తోసుకొచ్చే మనిషి డివైడర్ దాటి రాలేడు కనుక, సాయంత్రం ఇళ్లకు మళ్లే వాహనాలు వెళ్లే వైపునే, బండి ఆపడానికి జాగా ఉన్న చోట ఉండాలి. పెట్రోల్ బంకు పక్కన వద్దు. అక్కడ గాలి ఉచితం. ఫుట్‌పాత్ మీద పెడితే ఎప్పుడైనా తీయించేస్తారు, కాబట్టి ఏదైనా దుకాణం ముందు జాగా అద్దెకు తీసుకోవడమే మేలు.

కంప్రెసర్, గాలి మీటరు, టైరు లివర్లు, పానాలు, నీళ్ల తొట్టి, ప్యాచీలు, సొల్యూషన్, ట్యూబ్‌లెస్ కిట్టు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ట్యూబ్‌లెస్ టైరులో మేకు ఏ వాలున దిగిందో సూదిని అదే వాలున దించాలి. వంకరగా గుచ్చితే లోపలి దారాలు తెగి, సూదితో చిల్లులో దూర్చిన రబ్బరు స్ట్రిప్ పక్క నుంచి గాలి కారుతుంది. గాలి నింపాక అతుకు మీదా, వాల్వు మీదా సబ్బునీళ్లు వేసి బుడగలు రావడం లేదని చూసుకున్నాకే డబ్బు తీసుకోండి. టైరు పక్క గోడకు చిల్లు పడితే స్ట్రిప్ వేయకండి, అది ప్రాణాలకే ముప్పు.

ఉదాహరణకు 7 పంక్చర్లు 100 చొప్పున, గాలికి 20 బండ్లు 10 చొప్పున వస్తే 900 రూపాయలు. సామాను, కరెంటు, అద్దె కలిపి 250 పోతే 650 మిగులుతాయి. మొదటి నెలల్లో ఇందులో సగమే వస్తుందనుకుని చేతిలో డబ్బు ఉంచుకోండి.