డబ్బు పంపే ముందు ఫోటోలు: సౌమ్యకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌమ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ముంబైలో ఒకావిడ అమ్ముతానంటున్న లూయీ విట్టన్ స్పీడీ 30 బ్యాగు ఫోటోలు ఆరూ చూశాను. 80 వేలు పెట్టి కొనే వస్తువు కాబట్టి నిదానంగా, పెద్దవి చేసుకుని చూశాను. వీటిని చూసి మాత్రం డబ్బు పంపకు. అది నకిలీదని నేను అనడం లేదు. ఆ ఆరు ఫోటోల్లో ఉన్నది ఒకే బ్యాగు అని చెప్పే ఆధారం వాటిలో ఎక్కడా లేదు.

ముందు ఉన్న రూపం ఒక ఫోటోలో ఉంది. లోపల ముద్రించిన తయారీ కోడు ఇంకో ఫోటోలో ఉంది. తాళం మరో ఫోటోలో విడిగా టేబుల్ మీద ఉంది. ఆ కోడు నిజంగా ఆ బ్యాగులోదేనా? మోసం జరిగేది ఎక్కువగా ఈ సందులోనే. అసలు బ్యాగు కోడుని దగ్గరగా తీసి పెట్టుకుంటారు, పంపేది వేరే బ్యాగు. మీ పెదనాన్న, నేను పాత తోలు బ్యాగులు బాగు చేసి అమ్మే ఈ దుకాణానికి అలా మోసపోయి బ్యాగు పట్టుకుని వచ్చినవాళ్లను చూశాను. వాళ్ల దగ్గర ఫోటోలకేం కొదవ లేదు. ఒక ఫోటోకి ఇంకో ఫోటోకి సంబంధమే లేదు.

అందుకని ఎన్ని ఫోటోలు అడగాలి అన్నదాని కంటే, ఒకదాన్ని ఇంకోదానితో ఎలా కలపాలి అన్నది చూసుకో. ప్రతి దగ్గరి ఫోటోకీ ముందు ఒక మధ్య దూరం ఫోటో ఉండాలి. కోడు కావాలంటే ముందు బ్యాగు నోరు తెరిచి, లోపలి జేబు, కోడున్న చిన్న తోలు పట్టీ రెండూ కనబడేలా ఒకటి తీయమను. బ్యాగు కదపకుండా ఫోన్ కాస్త దగ్గరికి తెచ్చి అక్షరాలు చదవగలిగేలా రెండోది తీయమను. పిడి మొదలు దగ్గర కుట్లు చూడాలన్నా ఇంతే, ముందు పిడి మొత్తం, తరువాత కుట్లు.

అన్నీ ఒకేసారి అడిగితే మంచి అమ్మకందారులు కూడా విసుక్కుంటారు. మూడు విడతలుగా అడుగు. మొదటి విడతలో మొత్తం రూపమే: ముందు, వెనక, రెండు పక్కలు, అడుగు, జిప్పు తెరిచి లోపల. పక్కన ఒక స్కేలు పెట్టమను. స్పీడీ 30 అంటే వెడల్పు 30 సెంటీమీటర్లు. స్కేలు లేకపోతే 25ని 30 అని చెప్పినా ఫోటోలో తేలదు. ఇంకొకటి, తెల్ల కాగితం కూడా ఫ్రేములో ఉండాలి. దీని పిడులు, అంచులు రంగు వేయని ఆవు తోలు. కొత్తలో లేతగా ఉండి, వెలుతురుకి, చేతి తగులుకి తేనె రంగుకి తిరుగుతుంది. పసుపు బల్బు కింద తీస్తే లేత తోలు కూడా చక్కగా ముదిరినట్టు కనిపిస్తుంది, మరకలు కలిసిపోతాయి. పక్కన కాగితం పసుపుగా కనిపిస్తే తోలు రంగుని నమ్మొద్దు. కిటికీ పక్కన పగటి వెలుతురులో, నేరుగా ఎండ పడకుండా, ఫ్లాష్ లేకుండా తీయమను. ఫిల్టర్లు వద్దని ఆ మెసేజ్‌లోనే చెప్పెయ్.

ముందూ వెనకా ఫోటోలు ఎదురెదురుగా పెట్టి చూడు. కంపెనీ అక్షరాలు ముద్రించిన మోనోగ్రామ్ స్పీడీకి బట్ట ఒకటే ముక్క, అడుగు మీదుగా చుట్టి వస్తుంది. కాబట్టి ముందువైపు ఎల్‌వీ అక్షరాలు నిటారుగా ఉంటే వెనకవైపు తలకిందులుగా ఉంటాయి. రెండు వైపులా నిటారుగా ఉన్న మోనోగ్రామ్ స్పీడీ వస్తే అక్కడితో ఆపెయ్. తలకిందులుగా ఉందంటే అసలుదని మాత్రం అనుకోకు, ఈ రోజుల్లో నకిలీవాళ్లూ ఇది సరిగ్గానే చేస్తున్నారు.

రెండో విడత మొదటిది చూశాక. ముందుగా అరిగేవి అడుగున ఉండే నాలుగు మూలలు, పిడులు బ్యాగుకి అతుక్కునే చోట్లు, జిప్పు రెండు చివరలు. మూలలన్నీ ఒకే ఫోటోలో వద్దు, ఒక్కొక్కటీ విడిగా కావాలి. మూడు బాగుండి నాలుగోది చిరిగితే ఆ నాలుగోదే ఫోటోలో ఉండదు. పిడుల రంగునీ పక్క అంచుల రంగునీ పోల్చు. చేతులు తగిలే పిడులు ముందు ముదరాలి. అంచులు ముదిరి పిడులు లేతగా ఉంటే పిడులు మార్చారన్నమాట. మార్చడం తప్పు కాదు, కానీ "రిపేరు ఏమీ జరగలేదు" అని ఆవిడ రాస్తే ఆ మాట అబద్ధం.

ఇప్పుడు కోడు. ఆవిడ పంపిన ఆరింటిలో నాకు బాగా పనికొచ్చింది అదే. అందులో CA4169 అని ఉంది. 2007 నుంచి ఈ కంపెనీ కోడులో రెండు అక్షరాలు తయారైన చోటు, నాలుగు అంకెలు తయారైన కాలం. మొదటి, మూడో అంకెలు కలిపితే వారం, రెండో, నాలుగో అంకెలు కలిపితే సంవత్సరం. 4, 6 అంటే 46వ వారం. 1, 9 అంటే 2019. అంటే ఇది 2019 నవంబరులో తయారైంది. CA అంటే స్పెయిన్, కాబట్టి బ్యాగు తోలు మీది పేరు ముద్ర కింద మేడ్ ఇన్ స్పెయిన్ అని ఉండాలి. ఆ ముద్ర ఫోటో ఆవిడ పంపలేదు, రెండో విడతలో అడుగు. పైగా "2019 జూన్‌లో పారిస్‌లో కొన్నాం" అని ఆవిడ అన్నట్టు నువ్వు రాశావు. నవంబరులో తయారైనది జూన్‌లో ఎలా కొంటారు? నెల గుర్తు లేక అలా అని ఉండొచ్చు. కోపంగా అడగకు, "బిల్లు ఉంటే తేదీ కనబడేలా, బ్యాగు పక్కన పెట్టి ఫోటో తీసి పంపండి" అను, చాలు. బిల్లులో తేదీ నవంబరు 2019 తరువాతదైతే అది మతిమరుపు. జూన్ అనే ఉంటే ఆ బిల్లు ఈ బ్యాగుది కాదు.

కోడు సరిపోయినా అది అసలుదనానికి రుజువు కాదమ్మా. వరుస తెలిసినవాడు ఎవడైనా ముద్ర కొట్టగలడు. కోడు పనికొచ్చేది ఆవిడ మాటలతో పొంతన కుదురుతుందో లేదో చూడటానికి. ఇంకో విషయం, 2021 మార్చి నుంచి కంపెనీ ఈ కోడులు మానేసి లోపల మైక్రోచిప్ పెడుతోంది. ఆ తరువాతది అని చెప్పి కోడు చూపిస్తే సందేహించు. తాళం మీదా తాళంచెవి మీదా ఒకే అంకె ఉండాలి, కానీ అదే అంకె ఎన్నో బ్యాగులకి ఉంటుంది, దాన్ని బట్టి ఏదీ తేల్చకు.

మూడో విడత డబ్బు పంపే రోజే. ఒక కాగితం మీద నీ పేరు, ఆ రోజు తేదీ, నువ్వు అప్పటికప్పుడు చెప్పిన ఒక మాట రాయించు. ఆ కాగితం బ్యాగు లోపల, కోడు పట్టీ పక్కన పెట్టి ఒక ఫోటో. బయట పిడి దగ్గర పెట్టి ఇంకోటి. కాగితాన్ని ఫోటోలో అతికించడం ఇప్పుడు పెద్ద పని కాదు, అందుకే దీనితోపాటు వీడియో కాల్ అడుగు. కాల్‌లో ఆవిడ చేతే బ్యాగు తిప్పించి, జిప్పు తీయించి, కోడు చూపించమను, మధ్యలో కెమెరా ఎక్కడా కట్ కాకూడదు. "కోడు చూపిస్తే ఎవరైనా కాపీ చేసుకుంటారు" అని కొందరు అంటారు. ఆ భయం నిజమైనదే. కాబట్టి ఎవరికీ పంపనని మాటిచ్చి అడుగు. అయినా చూపించకపోతే అక్కడితో ఆ బేరం మానుకో.

వాట్సాప్‌లో ఫోటోలు మామూలుగా పంపితే సైజు తగ్గి కుట్లు చెదిరిపోతాయి. "డాక్యుమెంట్‌గా పంపండి" అని చెప్పు, అసలు ఫైలు వస్తుంది. వచ్చినవి అలాగే ఒక ఫోల్డర్‌లో పెట్టి మళ్లీ ముట్టుకోకు. కాపీ చేసి రెండో ఫోల్డర్‌లో పేర్లు మార్చు. పేరులో విడత, చోటు, దూరం ఉండాలి. ఇలా:

```
1_front_full.jpg
1_back_full.jpg
2_code_mid.jpg
2_code_close.jpg
3_slip_code_mid.jpg
```

పక్కన ఒక కాగితం మీద మూడు గళ్లు గీసుకో. ఒకదాంట్లో ఆవిడ చెప్పిన మాట, పక్కనే అది చూపించే ఫోటో పేరు, మూడోదాంట్లో నీకు కనిపించింది. "ఎడమ అడుగు మూల చిన్న గీత" అని ఆవిడ చెబితే ఆ గీత ఫోటో పేరు రాసుకో. ఫోటో గడి ఖాళీగా ఉన్నవే తరువాత అడగాల్సినవి. ఇలా రాసుకుంటే ఏది అడిగావో ఏది రాలేదో గుర్తుండక టెన్షన్ పడనక్కర్లేదు, ఆవిడనీ ఒకటే రెండుసార్లు అడిగి విసిగించవు. చాటింగ్ కూడా ఎక్స్‌పోర్ట్ చేసి ఇదే ఫోల్డర్‌లో పెట్టు.

ఆ ఫోటోల్లో మరకలు వెతుకు. పిడి మీద నీటి చుక్క మరక, అంచు మీద గోటి గీత లాంటివి. ఆ తోలు మీద పడ్డ మరక ఇంకో బ్యాగు మీద అదే చోట, అదే ఆకారంలో ఉండదు. కోడు కాపీ కొట్టినవాడు మరకను కొట్టలేడు. నువ్వు పంపిన మొదటి ఫోటోలో ముందువైపు పిడి మధ్యలో బియ్యపు గింజంత నల్ల చుక్క ఉంది. మూడో విడత కాగితం ఫోటోలో అదే చుక్క అక్కడే కనిపించాలి, వీడియో కాల్‌లోనూ కనిపించాలి. పార్సెల్ వచ్చాక లేబుల్ కనబడేలా ఆపకుండా వీడియో తీస్తూ విప్పి, మొదట ఆ చుక్కనే చూడు.

ఫోటోల్లో కనిపించనివి కూడా ఉన్నాయి. బీరువాలో ఏళ్ల తరబడి ఉన్న బ్యాగుకి బూజు వాసన ఉంటుంది. తోలు ఎండి పెళుసైతే చేత్తో వంచితేనే తెలుస్తుంది. వీటికి ఆవిడ మాటే ఆధారం, కాబట్టి "వాసన, బూజు లేవు, తోలు పగుళ్లు లేవు, తేడా వస్తే అయిదు రోజుల్లో వాపసు" అని ఆవిడ చేతే చాటింగ్‌లో రాయించుకో. ఇంకా అసలుదో కాదో అన్న ప్రశ్న మిగిలితే ఫోల్డర్ మొత్తం ఈ పని తెలిసిన ఎవరికైనా చూపించు. మధ్య దూరం ఫోటోలు ఉంటేనే వాళ్లు కూడా ఏమైనా చెప్పగలరు. మొత్తం డబ్బు అడ్వాన్సుగా అడిగి, ఫోటోలకి మాత్రం "రేపు" అంటే ఎంత తక్కువ ధరైనా పంపకు. డబ్బు పోయాక మోసమని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్, ఫిర్యాదుకి ఆ ఫోల్డరే నీ దగ్గరుండే సాక్ష్యం.

ఇవాళ ఆవిడకి మొదటి మెసేజ్ పెట్టు: "ముందు, వెనక, పక్కలు, అడుగు, లోపల ఒక్కో ఫోటో, పగటి వెలుతురులో, స్కేలు, తెల్ల కాగితం పక్కన పెట్టి, డాక్యుమెంట్‌గా పంపగలరా?" అని మర్యాదగా. వచ్చినవి నాకు పంపితే, రెండో విడతలో ఏమేం అడగాలో కలిసి చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ