ఎక్స్ఛేంజ్ విత్‌డ్రాయల్ రిజెక్ట్ అయింది, పంపినవాళ్ల వివరాలు కావాలంటున్నారు

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఇండియాలో ఉన్నప్పుడు తెరిచిన విదేశీ క్రిప్టో ఎక్స్ఛేంజ్ ఖాతా నుంచి ఇక్కడి ఎక్స్ఛేంజ్‌కి యూఎస్‌డీసీ పంపితే రిజెక్ట్ అయింది. అవతలి ప్లాట్‌ఫారమ్‌కి ట్రావెల్ రూల్ కింద పంపినవారి వివరాలు కావాలట. రెండు ఖాతాలూ నావే. డబ్బు పోయినట్టేనా?

జవాబు: విత్‌డ్రాయల్ హిస్టరీలో ఆ లావాదేవీ తెరిచి TXID, అంటే బ్లాక్‌చెయిన్ మీద ఆ లావాదేవీకి వచ్చే గుర్తింపు నంబరు, ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ కాయిన్లు బ్లాక్‌చెయిన్ మీదికి వెళ్లనే లేదు, మీ పాత ఖాతాలోనే ఉన్నాయి. కాసేపు లాక్ అయినట్టు కనిపించి, తర్వాత బ్యాలెన్స్‌లోకి వస్తాయి. TXID ఉంటే మాత్రం డబ్బు చాలావరకు అవతలికి చేరి, అక్కడ హోల్డ్‌లో ఉండి ఉంటుంది. అప్పుడు మాట్లాడాల్సింది అందుకునే ఎక్స్ఛేంజ్‌తో.

నాకూ పోయినేడాది ఇదే జరిగింది. రెండు రోజులు టెన్షన్ పడ్డాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

కాయిన్లు వెళ్లే దారి వేరు, మన వివరాలు వెళ్లే దారి వేరు. ట్రావెల్ రూల్ ప్రకారం పంపే ఎక్స్ఛేంజ్ అవతలివాళ్లకు విడిగా ఒక మెసేజ్ పంపుతుంది. పంపేవారి పేరు, అందుకునేవారి పేరు, ఖాతా గుర్తింపు అందులో ఉంటాయి. చాలా ఎక్స్ఛేంజీల్లో వాళ్లు సరేనంటేనే కాయిన్లు కదులుతాయి. బ్రిటన్‌లో ఈ నిబంధన 2023 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. పంపే ఎక్స్ఛేంజ్ బ్రిటన్ బయటిదై, మొత్తం 1,000 యూరోల విలువకు చేరితే పేరు ఒక్కటే చాలదు. చిరునామా, పాస్‌పోర్ట్ లాంటి గుర్తింపు పత్రం నంబరు, కస్టమర్ గుర్తింపు నంబరు, పుట్టిన తేదీతో పాటు పుట్టిన ఊరు, వీటిలో ఏదో ఒకటి కూడా ఉండాలి.

నేను తడబడింది సరిగ్గా ఇక్కడే. ముందు జాగ్రత్తగా 50 యూఎస్‌డీసీ పంపి చూశాను, పది నిమిషాల్లో చేరింది. ఆ ధైర్యంతో 1,900 పంపితే రిజెక్ట్. అడ్రస్ అదే, నెట్‌వర్క్ అదే, మరి ఇదెందుకు ఆగిందో అర్థం కాలేదు. చిన్న మొత్తం పరిమితి లోపల ఉంది కాబట్టి పేరుతో సరిపోయింది, పెద్దది దాటింది. టెస్ట్ ట్రాన్స్‌ఫర్ అడ్రస్ సరైనదని చెబుతుందే కానీ, వివరాలు సరిపోతాయని చెప్పదు.

పాత ఖాతా ప్రొఫైల్ తెరిస్తే కారణం కనిపించింది. అది చాలా ఏళ్ల కిందట తొలిస్థాయి కేవైసీతో తెరిచిన ఖాతా. చిరునామా గడి ఖాళీ, పుట్టిన ఊరు లేదు. పేరు కూడా స్కూలు సర్టిఫికెట్‌లో ఉన్నట్టు ఇంటిపేరు ఒక్క అక్షరంగా, అసలు పేరు పూర్తిగా ఉంది. ఇక్కడి ఖాతాలో పాస్‌పోర్ట్ ప్రకారం ఇంటిపేరు మొత్తం ఉంది. మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ తేడా ఉంటుంది, మీదీ తప్పకుండా చూసుకోండి. ఈ మెసేజ్‌లకు ఎక్కువగా వాడే ఫార్మాట్‌లో ఇంటిపేరుకు, అసలు పేరుకు వేర్వేరు గడులుంటాయి. అక్షరం ఒకచోట, పూర్తి ఇంటిపేరు మరోచోట ఉంటే, రెండు ఖాతాలూ ఒకరివేనని సిస్టమ్ పోల్చుకోలేకపోవచ్చు.

పాస్‌పోర్ట్‌తో కేవైసీ మళ్లీ చేసి, ఇప్పుడుంటున్న ఇంటి చిరునామాకు రుజువుగా బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇచ్చాను. మూడు రోజుల్లో ఆమోదించారు. ఆ తర్వాత విత్‌డ్రాయల్ ఫారంలో అందుకునే ఎక్స్ఛేంజ్ పేరు జాబితాలోంచి ఎంచుకుని, అందుకునేవారి పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే టైప్ చేశాను. ఈసారి వెళ్లింది.

అప్పుడు ఒక స్నేహితుడు "ప్రైవేట్ వాలెట్ అని పెట్టెయ్, ఏమీ అడగరు" అన్నాడు. దయచేసి అలా చేయకండి. ఎక్స్ఛేంజ్ అడ్రస్‌ని సొంత వాలెట్ అని చూపిస్తే కాయిన్లు వెళ్లిపోతాయి కానీ వివరాల మెసేజ్ వెళ్లదు. అవతల డిపాజిట్ ఆగిపోవచ్చు, పైగా మీరు తప్పు చెప్పినట్టు రికార్డ్ అవుతుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న డబ్బు అప్పుడు వాళ్ల చేతిలో ఉంటుంది. నిజంగానే సొంత వాలెట్ మీదుగా పంపడం వేరే సంగతి. అది మీదేనని నిరూపించమని అడగొచ్చు, సాధారణంగా వాలెట్‌తో ఒక మెసేజ్ సైన్ చేయించుకుంటారు.

ప్రొఫైల్ అంతా సరిగ్గా ఉన్నా మళ్లీ రిజెక్ట్ అయితే, పంపే ఎక్స్ఛేంజ్ సపోర్ట్‌ని ఒకే ప్రశ్న అడగండి: "మెసేజ్‌లో నా చిరునామా గానీ పుట్టిన వివరాలు గానీ పంపారా, అవతలివాళ్లు ఏ వివరం లేదన్నారు?" నాకు ఈ ప్రశ్న అడిగాకే తిన్నని సమాధానం వచ్చింది. ఆ రెండు ఎక్స్ఛేంజీల మధ్య మెసేజ్ వెళ్లే ఏర్పాటే లేకపోతే మీరేం సరిచేసినా లాభం లేదు, ఇద్దరికీ కుదిరే మూడో ఎక్స్ఛేంజ్ చూసుకోవాలి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. పాస్‌పోర్ట్ ఫొటో ఎవరికీ ఈమెయిల్‌లో, టెలిగ్రామ్‌లో పంపకండి. ఆ వివరాలు ఎక్స్ఛేంజీలు తమలో తాము ఇచ్చిపుచ్చుకుంటాయి. మీరు ఏదైనా ఇవ్వాల్సి వస్తే, మీ ఖాతాలో లాగిన్ అయ్యాక కనిపించే ఫారంలోనే ఇవ్వండి.